లఙ్ రూపాలనూ సంధులనూ కలిపి చదివే పద్ధతి

ప్రశ్న: సంస్కృతం పరీక్ష కోసం ఐదు లకారాల పట్టికలు బట్టీ పట్టాను. పఠతి, పఠతః బాగానే వస్తాయి గానీ లఙ్, లోట్ దగ్గరికి వచ్చేసరికి ఒకదానితో ఒకటి కలిసిపోతున్నాయి. సంధి సూత్రాలు కూడా వచ్చు. కానీ వ్యస్మరత్, సోఽవదత్ లాంటివి ఇచ్చి విడదీయమంటే ఎక్కడ మొదలుపెట్టాలో తోచడం లేదు. తేలిగ్గా గుర్తుండే పద్ధతి ఏదైనా చెప్పగలరా?

సమాధానం:

మీరు అడిగిన రెండు కష్టాలకూ మూలం ఒకటే. వ్యస్మరత్, సోఽవదత్ రెండూ లఙ్ రూపాలే. లఙ్ రూపం ఎప్పుడూ అచ్చుతో మొదలవుతుంది. ముందున్న పదం గానీ ఉపసర్గ గానీ ఆ అచ్చును తాకగానే సంధి జరుగుతుంది. పరీక్షల్లో విడదీయమని అడిగే క్రియారూపాల్లో లఙ్ ఎక్కువగా కనిపించడానికి కారణం ఇదే. కాబట్టి క్రియలను ఒక రోజు, సంధులను ఇంకో రోజు చదవకుండా, లఙ్‌ను నడుమ పెట్టుకుని రెండింటినీ కలిపి చదవండి. నేను పిల్లలకు బోధించేది ఇలాగే.

ముందు పట్టికల సంగతి చూద్దాం. ఐదు లకారాలకు 9 చొప్పున 45 రూపాలు విడివిడిగా బట్టీ పడితే అవి కలిసిపోక తప్పదు. నిజానికి కంఠస్థం కావలసింది లట్ ఒక్కటే.

పఠతి – పఠతః – పఠంతి
పఠసి – పఠథః – పఠథ
పఠామి – పఠావః – పఠామః

ధాతువు భాగాన్ని పక్కన పెట్టి ప్రత్యయాలను మాత్రం పైకి చదవండి: తి, తః, అంతి; సి, థః, థ; మి, వః, మః. మొదటి వరుస ప్రథమపురుష, అంటే ‘అతడు’. ఇంగ్లీషు వ్యాకరణంలో మొదటి పురుష అంటే ‘నేను’ కాబట్టి, రెండు భాషలూ ఒకేసారి చదివే విద్యార్థులు తొందరలో మొదటి, మూడో వరుసలను తారుమారు చేస్తుంటారు. ప్రశ్నలో ‘ఉత్తమపురుష’ అని కనిపించగానే పక్కన ‘అహమ్’ అని రాసుకుంటే ఆ తప్పు జరగదు.

ఈ పట్టికలోనే సంధికి సంబంధించిన చిక్కు ఒకటి దాగి ఉంది. ‘పఠ’ అనే అంగం చివర అకారం ఉంది, ‘అంతి’ మొదట్లోనూ అకారం ఉంది. సవర్ణదీర్ఘసంధి బాగా వచ్చిన విద్యార్థి పఠాంతి అని రాస్తాడు. అది తప్పు. పదం లోపల, అంగం చివరి అకారానికి ప్రత్యయంలోని హ్రస్వ అకారం ఎదురైతే రెండూ కలిసి ఒక్క హ్రస్వ అకారమే మిగులుతుంది. ‘అతో గుణే’ అన్న సూత్రం చెప్పేది ఇదే. అందుకే పఠంతి. మరి పఠామి, పఠావః, పఠామః దగ్గర దీర్ఘం ఎందుకు వచ్చిందంటే, మకార వకారాలతో మొదలయ్యే ప్రత్యయాల ముందు అంగం చివరి అకారం దీర్ఘమవుతుంది. దీన్ని ఒక చిన్న వాక్యంగా గుర్తుపెట్టుకోవచ్చు: ప్రత్యయం అకారంతో మొదలైతే పొట్టి, మ వ లతో మొదలైతే పొడుగు. లఙ్‌లో అపఠన్, అపఠమ్ ఎందుకు పొట్టిగా ఉన్నాయో, అపఠావ, అపఠామ ఎందుకు పొడుగ్గా ఉన్నాయో కూడా ఈ ఒక్క వాక్యమే చెబుతుంది.

ఇప్పుడు లట్ నుంచి లఙ్ పుట్టిద్దాం. ధాతువు ముందు అకారం చేర్చండి. ప్రత్యయం చివర ఇకారం ఉంటే తీసేయండి. అప్పుడు తి కాస్తా త్ అవుతుంది, సి కాస్తా స్ అయి పదాంతంలో విసర్గగా మారుతుంది, అంతి కాస్తా అంత్ అయి చివరి తకారం కూడా పోయి అన్ మిగులుతుంది. వః, మః చివర విసర్గ పోతుంది. ఇక మిగిలిన నాలుగింటికి పాణిని ఒకే సూత్రంలో ఏర్పాటు చేశాడు: ‘తస్థస్థమిపాం తాంతంతామః’. ఇందులో ఎడమ పక్క తస్, థస్, థ, మిప్. కుడి పక్క తామ్, తమ్, త, అమ్. మొదటిదానికి మొదటిది, రెండోదానికి రెండోది. అంటే తః బదులు తామ్, థః బదులు తమ్, థ బదులు త, మి బదులు అమ్. ఈ సూత్రం పట్టికను మడిచి జేబులో పెట్టుకున్నంత సౌకర్యంగా ఉంటుంది. లయ పట్టుకుని కొన్నిసార్లు పైకి అంటే నోటికి వచ్చేస్తుంది. ఫలితం ఇది:

అపఠత్ – అపఠతామ్ – అపఠన్
అపఠః – అపఠతమ్ – అపఠత
అపఠమ్ – అపఠావ – అపఠామ

అభ్యాసం ఇలా చేయండి. కాగితం ఎడమ పక్క లట్ పట్టిక రాసి, కుడి పక్కను ఖాళీగా వదలండి. ఒక్కో గడిలో జరిగే మార్పును పైకి చెబుతూ లఙ్ రూపం రాయండి: ‘ఇకారం పోయింది, అపఠత్’, ‘తః బదులు తామ్, అపఠతామ్’. మర్నాడు ఇదే పనిని వద్ ధాతువుతోనో లిఖ్ ధాతువుతోనో చేయండి. ధాతువు మారినా నోటితో చెప్పే మాటలు మారవు. గుర్తుండవలసింది ఆ మార్పులే, 9 రూపాలు కాదు.

పొల్లు విషయంలో చాలా జాగ్రత్త అవసరం. అపఠత్ అంటే అతడు చదివాడు. తొందరలో పొల్లు మరిచి అపఠత అని రాస్తే మీరందరూ చదివారని అర్థం. అపఠమ్ అంటే నేను చదివాను, అపఠామ అంటే మేము చదివాము. లట్‌లోనూ అంతే. పఠతః దగ్గర విసర్గ మరిస్తే పఠత అవుతుంది, అది లోట్‌లో ‘మీరు చదవండి’ అనే రూపం. పఠథ దగ్గర వత్తు పలచబడినా అదే గతి. దిద్దేవారికి ఇవి చేతిరాత దోషాలుగా కనిపించవు, వేరే పురుషగా, వేరే వచనంగా కనిపిస్తాయి. రాసిన ప్రతి రూపం చివరి అక్షరాన్ని ఒక్కసారి వేలితో తాకి చూసుకోండి.

లోట్‌కు కొత్త పట్టిక అక్కర్లేదు. లఙ్‌లోని ముందటి అకారం తీసేస్తే లోట్‌లోని ఐదు రూపాలు ఉన్నవి ఉన్నట్టుగా దొరుకుతాయి: పఠతామ్, పఠతమ్, పఠత, పఠావ, పఠామ. మీకు రెండూ కలిసిపోతున్నాయంటే కారణం ఇదే, అవి నిజంగానే ఒకటి. తేడా ఉన్నవి నాలుగే. తి లోని ఇకారం ఉకారమై పఠతు, అంతి కూడా అలాగే పఠంతు. మధ్యమపురుష ఏకవచనంలో అకారాంత అంగం తర్వాత ప్రత్యయం లోపించి ‘పఠ’ మాత్రమే మిగులుతుంది. మి స్థానంలో ఆని వచ్చి పఠాని అవుతుంది. ఆ నాలుగింటినీ వేరే రంగు సిరాతో రాసుకుంటే చాలు.

విధిలిఙ్‌లో ఏకారం ఎక్కడిదో తెలిస్తే అదీ తేలికే. అంగానికీ ప్రత్యయానికీ మధ్య ‘ఇయ్’ వచ్చి చేరుతుంది. పఠ + ఇయ్ కలిస్తే అకారానికి ఇకారం ఎదురై గుణసంధితో ‘పఠేయ్’ అవుతుంది. తర్వాత హల్లు వస్తే ఆ యకారం పోతుంది, అచ్చు వస్తే నిలుస్తుంది. అందుకే పఠేత్, పఠేతామ్, పఠేః, పఠేతమ్, పఠేత, పఠేవ, పఠేమ రూపాల్లో యకారం లేదు. ఉః, అమ్ అనే అచ్చు ప్రత్యయాల ముందు మాత్రం పఠేయుః, పఠేయమ్ అని యకారం కనిపిస్తుంది. బహువచనంలో పఠేన్ అని రాసే పొరపాటు మామూలే. ఇక్కడ అన్ రాదు, ఉః వస్తుందని గుర్తుంచుకోండి.

లృట్ గురించి చెప్పవలసింది కొంచెమే. మధ్యలో ‘స్య’ లేదా ‘ఇష్య’ చేరుతుంది, చివర లట్ ప్రత్యయాలే ఉంటాయి. అయితే గచ్ఛ, పశ్య, తిష్ఠ, పిబ వంటి మారిన రూపాలు లృట్‌లో ఉండవు. గమిష్యతి, ద్రక్ష్యతి, స్థాస్యతి, పాస్యతి అనాలి. గచ్ఛిష్యతి అనే రూపం లేదు.

ఇంతవరకూ చెప్పింది పఠ్, వద్, గమ్, లిఖ్ వంటి, అంగం అకారంతో ముగిసే ధాతువులకు పూర్తిగా సరిపోతుంది. అస్, కృ ధాతువుల్లో అంగం మారుతూ ఉంటుంది గానీ ప్రత్యయాలు చాలావరకు ఇవే. ఆసీత్, ఆస్తామ్, ఆసన్. ఆసీః, ఆస్తమ్, ఆస్త. ఆసమ్, ఆస్వ, ఆస్మ. చూడండి, తామ్, తమ్, త, అమ్, వ, మ యథాతథంగా ఉన్నాయి. ఏకవచనంలో వచ్చే ఈకారం ఒక్కటే ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి.

ఇక మీ అసలు కష్టానికి వద్దాం. లఙ్‌లో చేరే ఆ అకారం ధాతువుకు ముందు చేరుతుంది, ఉపసర్గకు ముందు కాదు. ఈ ఒక్క విషయం తెలియకే విస్మరతి నుంచి ‘అవిస్మరత్’ అని రాస్తారు. విస్మరతిలో వి ఉపసర్గ, స్మరతి క్రియ. ముందు ఉపసర్గను పక్కన పెట్టి క్రియను లఙ్‌లోకి మార్చాలి: అస్మరత్. ఆ తర్వాత ఉపసర్గను తెచ్చి కలపాలి: వి + అస్మరత్. ఇకారానికి అకారం ఎదురైంది, యణాదేశం జరిగింది, వ్యస్మరత్ వచ్చింది. రాసేటప్పుడు ‘విడదీయి, మార్చు, కలుపు’ అనే మూడు మాటలు అనుకుంటూ రాయండి. విడదీయమన్నప్పుడు ఇదే దారిలో వెనక్కి నడవండి.

వెనక్కి నడవడానికి గుర్తులున్నాయి. యకారం వత్తుగా కనిపిస్తే ఇకారం దాగి ఉండవచ్చు, వకారం వత్తుగా కనిపిస్తే ఉకారం దాగి ఉండవచ్చు. ప్రత్యవదత్ అంటే ప్రతి + అవదత్, అన్వభవత్ అంటే అను + అభవత్, న్యవసత్ అంటే ని + అవసత్. దీర్ఘ ఆకారం కనిపిస్తే ప్ర, ఉప వంటి అకారాంత ఉపసర్గ ఉండవచ్చు: ప్రావిశత్ అంటే ప్ర + అవిశత్. ‘ఉండవచ్చు’ అని ఊరికే అనలేదు. నృత్యతి, పశ్యతి రూపాల్లోనూ య వత్తు ఉంది, కానీ అక్కడ విడదీయడానికి సంధి ఏదీ లేదు. విడదీసిన తర్వాత ఎడమ ముక్క తెలిసిన ఉపసర్గో పదమో కావాలి, కుడి ముక్క మీ పట్టికలోని రూపం కావాలి. రెండూ కుదిరితేనే విభజన సరైనది. ‘నృతి + అతి’ అని విడదీసి చూస్తే రెండు ముక్కలకూ అర్థం లేదు. అక్కడ ఆగిపోవాలి.

హల్లుతో ముగిసే ఉపసర్గల దగ్గర ఇంకో విశేషం ఉంది. ఉత్తిష్ఠతి రూపానికి లఙ్ ఏమిటని అడిగితే చాలామంది తడబడతారు. ఇక్కడ ఉపసర్గ ఉద్. తిష్ఠతి ముందు తకారం ఉండటంతో దకారం తకారంగా మారి ఉత్తిష్ఠతి అయింది. లఙ్‌లో అతిష్ఠత్ వస్తుంది, అప్పుడు దకారానికి ఎదురుగా ఉన్నది అచ్చు. మారడానికి కారణం పోయింది కాబట్టి దకారం అలాగే ఉంటుంది: ఉదతిష్ఠత్. నిర్గచ్ఛతి కూడా ఇలాగే నిరగచ్ఛత్ అవుతుంది. లట్ రూపాన్ని చూసి పైపైన మార్చకుండా, ఉపసర్గ అసలు రూపానికి వెళ్లి మళ్లీ కలపాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

ధాతువే అచ్చుతో మొదలైతే మరో మెలిక. ఇష్ ధాతువుకు లట్‌లో ఇచ్ఛతి. ముందు అకారం చేర్చి గుణసంధి చేస్తే ఏచ్ఛత్ రావాలి అనిపిస్తుంది, కానీ సరైన రూపం ఐచ్ఛత్. అచ్చుతో మొదలయ్యే ధాతువులకు చేరేది అకారం కాదు, ఆకారం. పైగా ఇక్కడ గుణానికి బదులు వృద్ధి జరగాలని ప్రత్యేక నియమం ఉంది. లఙ్‌లో ధాతువు మొదటి అచ్చు వృద్ధి చెందుతుందని గుర్తుంచుకుంటే చాలు.

ఆఙ్ అనే ఉపసర్గ దగ్గర పరీక్షలో నిజమైన సందిగ్ధత వస్తుంది. ఆ + అగచ్ఛత్ కలిస్తే ఆగచ్ఛత్. లఙ్ అకారం దీర్ఘంలో మునిగిపోయింది. ఇక్కడ లఙ్ అని చెప్పేది చివరి పొల్లు ఒక్కటే. మరి ఆగచ్ఛతామ్ అని ఇస్తే? ఆ + అగచ్ఛతామ్ అయితే లఙ్, వాళ్లిద్దరూ వచ్చారు. ఆ + గచ్ఛతామ్ అయితే లోట్, వాళ్లిద్దరూ రావాలి. ఆగచ్ఛామ కూడా అంతే. రూపం చూసి తేల్చే దారి లేదు. వాక్యంలో హ్యః ఉందా, పురా ఉందా, ఆజ్ఞ కనిపిస్తోందా అని చూసుకోవాలి. విడి పదంగా అడిగితే ఏదో ఒకటి తీసుకుని, మీరు దాన్ని ఏ లకారంగా తీసుకున్నారో పక్కన రాయండి. తత్రాగచ్ఛత్ కూడా ఇలాంటిదే. తత్ర + అగచ్ఛత్ (అక్కడికి వెళ్లాడు), తత్ర + ఆగచ్ఛత్ (అక్కడికి వచ్చాడు) అనే రెండు విభజనలూ వ్యాకరణం ప్రకారం సరైనవే.

ఇప్పుడు సోఽవదత్. దీనిలో మూడు అడుగులున్నాయి. సః + అవదత్ లో విసర్గకు ముందూ తర్వాతా హ్రస్వ అకారాలే ఉన్నాయి. అప్పుడు విసర్గ స్థానంలో ఉకారం వస్తుంది. ముందున్న అకారం ఆ ఉకారంతో గుణసంధి చెంది ఓకారం అవుతుంది. ఆ ఓకారానికి అకారం ఎదురైతే పూర్వరూపసంధితో అకారం అందులో కలిసిపోతుంది. కలిసిపోయిన అకారానికి గుర్తుగా ఽ అనే అవగ్రహం రాస్తాం. కాబట్టి ఓకారం తర్వాత అవగ్రహం కనిపిస్తే సాధారణంగా ఎడమ పక్క విసర్గ, కుడి పక్క అకారం పెట్టండి. బాలకోఽపఠత్ అంటే బాలకః + అపఠత్. ‘బాలకో + పఠత్’ అని రాస్తే రెండు ముక్కలూ తప్పే. పఠత్ అనే రూపం మీ పట్టికల్లో ఎక్కడా లేదు.

అవగ్రహం లేకుండా అచ్చయితే ఎలా తెలుస్తుందని కొందరు అడుగుతారు. బాలకోపఠత్ అని ఉందనుకుందాం. విసర్గ ఓకారం కావాలంటే తర్వాత హ్రస్వ అకారమో, గ జ ద బ వంటి సరళాలో, వర్గంలోని నాలుగు, ఐదో అక్షరాలో, య ర ల వ హ లో ఉండాలి. బాలకో గచ్ఛతి అనేది అందుకే సరైనది. పకారం ముందు మాత్రం విసర్గ మారదు, బాలకః పఠతి అనే ఉంటుంది. అంటే బాలకోపఠత్ లో ఓకారం తర్వాత అకారం దాగి ఉండి తీరాలి. పైగా చివర పొల్లు తకారం లఙ్‌ను చూపిస్తోంది, లఙ్‌కు ముందు అకారం తప్పనిసరి. రెండు ఆధారాలు ఒకే మాట చెబుతున్నాయి.

ఎదురుగా ఉన్నది దీర్ఘ ఆకారమైతే ఓకారం రాదు. బాలకః + ఆగచ్ఛత్ అంటే విసర్గ లోపించి బాలక ఆగచ్ఛత్ అవుతుంది. ఆ ఖాళీని చూసి మళ్లీ సవర్ణదీర్ఘం చేయకూడదు. బహువచనంలో బాలకాః + అపఠన్ కూడా బాలకా అపఠన్ అని ఆగిపోతుంది. సః అనే పదానికి ఒక ప్రత్యేకత ఉంది. హల్లు ముందు దాని విసర్గ పోతుంది: స గచ్ఛతి, స పఠతి. ‘సో గచ్ఛతి’ అనరు.

ఆత్మనేపదం మీ పరీక్షలో ఉంటే రెండు సంగతులు చూసుకోండి. లట్‌లో 9 రూపాలూ ఏకారంతోనే ముగుస్తాయి: లభతే, లభేతే, లభంతే నుంచి లభామహే వరకు. ఏకారాంత పదానికి హ్రస్వ అకారం ఎదురైతే పూర్వరూపం వస్తుంది కాబట్టి లభతే + అత్ర అంటే లభతేఽత్ర. కానీ ద్వివచనమైన లభేతే తర్వాత అత్ర వస్తే సంధి లేదు. ఈ, ఊ, ఏ లతో ముగిసే ద్వివచన రూపాలు ప్రగృహ్యాలు, అవి తర్వాతి అచ్చుతో కలవవు. లభేతే అత్ర అని విడిగానే రాయాలి. ఇక రెండోది: లోట్‌లో పఠతామ్ ద్వివచనం, లభతామ్ ఏకవచనం. తామ్ చూడగానే ద్వివచనం అనేయకుండా, ధాతువు పరస్మైపదమో ఆత్మనేపదమో ముందు చూడాలి.

చివరగా ఒక వాక్యాన్ని పూర్తిగా విప్పి చూద్దాం. ‘బాలకోఽపి తత్రోపావిశత్.’ ఎడమ నుంచి మొదలుపెట్టండి. ఓకారం, అవగ్రహం ఉన్నాయి కాబట్టి బాలకః + అపి. తర్వాత ‘త్రో’ లో ఓకారం ఉంది, అవగ్రహం లేదు, పక్కన పకారం ఉంది. విసర్గ వల్ల వచ్చిన ఓకారం అయితే పకారం ముందు నిలవదు. కాబట్టి ఇది అకార ఉకారాల గుణసంధి: తత్ర + ఉపావిశత్. ఉపావిశత్ లో దీర్ఘం ఉంది, చివర పొల్లు తకారం ఉంది. ఉప + అవిశత్, సవర్ణదీర్ఘం. విశ్ ధాతువు, లఙ్, ప్రథమపురుష ఏకవచనం. బాలుడు కూడా అక్కడ కూర్చున్నాడు. ఒకే ఓకారం రెండు చోట్ల రెండు దారుల్లో వచ్చింది, పక్కనున్న అక్షరమే తేడా చెప్పింది.

ఇప్పుడు ఇదే వాక్యాన్ని వచనాలు, పురుషలు మార్చి తిప్పండి. పట్టికను మళ్లీ మళ్లీ వల్లించడం కన్నా ఇది ఎన్నో రెట్లు మేలని నా అభిప్రాయం, ఎందుకంటే ప్రత్యయం మారినప్పుడల్లా సంధి కూడా మారుతుంది. ద్వివచనంలో బాలకౌ + అపి అంటే ఔకారం ఆవ్ అయి ‘బాలకావపి తత్రోపావిశతామ్’. బహువచనంలో విసర్గ లోపించి ‘బాలకా అపి తత్రోపావిశన్’. మధ్యమపురుషలో ‘త్వమపి తత్రోపావిశః’, ‘యువామపి తత్రోపావిశతమ్’, ‘యూయమపి తత్రోపావిశత’. ఉత్తమపురుషలో ‘అహమపి తత్రోపావిశమ్’, ‘ఆవామపి తత్రోపావిశావ’, ‘వయమపి తత్రోపావిశామ’. ముందు సంధి కలిపి రాయండి, తర్వాత కాగితం మూసి, ఇంకో కాగితం మీద విడదీసి రాయండి. ఎక్కడ చేయి ఆగిందో ఆ గడి చుట్టూ గీత గీసి, మర్నాడు అక్కడి నుంచే మొదలుపెట్టండి. ఉపావిశత్ బాగా వచ్చాక అదే చట్రంలో ప్రావిశత్, ప్రత్యవదత్, ఉదతిష్ఠత్ పెట్టి తిప్పండి.